సవరణ: రౌటర్లు దారుల గురించి ఒకదానికొకటి చెప్పుకునే రిప్ ప్రోటోకాల్‌లో 30 సెకన్లు, 15 హాప్‌ల గురించి

"అప్‌డేట్ 30 సెకన్లకి రాకపోతే రూట్ పోయినట్టే, 15 లిమిట్ రౌటర్ మెమరీ కోసం" అని మొన్న నేనే రాశాను, రెండూ తప్పే.

30 సెకన్లనేది అప్‌డేట్ పంపే గ్యాప్ మాత్రమే, రూట్ చెల్లకుండా పోయేది 180 సెకన్లు ఏ కబురూ రాకపోతే, అంటే ఒకటీ రెండూ మిస్ అయినా ఏం కాదు. ఇక 15 సంగతి, హాప్ అంటే దారిలో దాటే ఒక్కో రౌటర్, ఏ, బీ అని రెండు రౌటర్లు అనుకోండి, బీ పక్కనున్న నెట్‌వర్క్ పడిపోయింది, బీ ఆ మాట చెప్పేలోపే ఏ నుంచి "నాకు 2 హాప్‌లలో ఉంది" అని పాత అప్‌డేట్ వచ్చింది, బీ నమ్మేసి 3 అని రాసుకుంటుంది, అది చూసి ఏ 4 అంటుంది, ఇలా ఒకదాన్ని చూసి ఒకటి పెంచుకుంటూ పోతాయి (బీ నుంచి నేర్చుకున్నదే బీకి చెప్తోంది పాపం!). 16 అంటే చేరలేం అని అర్థం కాబట్టి అక్కడ ఆగుతుంది, 30 సెకన్లకి రెండేసి పెరిగితే దాదాపు మూడున్నర నిమిషాలు. అదే లిమిట్ 100 పెడితే 24 నిమిషాలు దాటుతుంది, అంతసేపూ ప్యాకెట్లు లూప్‌లోనే తిరుగుతాయి. స్ప్లిట్ హొరైజన్, అంటే ఎవరి నుంచి నేర్చుకున్న రూట్‌ని వాళ్లకే తిరిగి చెప్పకూడదన్న రూల్, ఈ ఇద్దరి గొడవ ఆపుతుంది గానీ మూడు రౌటర్ల లూప్‌ని ఆపలేదు. అందుకే అంకె చిన్నగా పెట్టారు, దాని ఖరీదేంటంటే 16వ హాప్‌లో ఉన్న నెట్‌వర్క్ బాగానే ఉన్నా రిప్‌కి లేనట్టే.