సవరణ: ‘అగ్’ అంటే ‘ఛీ’ కాదు

‘అగ్’, ‘సో అనాయింగ్’, ‘ఫెడప్’ లాంటి ఇంగ్లీషు విసుగు మాటలకి తెలుగులో ఏమంటామో ఇంతకుముందు ఒక వరుస రాశాను. అది చూసి ఒకరు అడిగారు: “‘అగ్’కి ‘ఛీ’ అని రాశారేంటండీ? మా అత్తయ్యగారి ముందు అలా అంటే ఇంకేమైనా ఉందా?”

నిజమేనండి, తప్పు నాదే. ‘ఛీ’లో అసహ్యం ఉంటుంది. ఎదురుగా మనిషి ఉంటే అది ఆ మనిషికే తగులుతుంది. ‘అగ్’ మాత్రం పరిస్థితి మీద వదిలే నిట్టూర్పు.

నిన్న సఖినేటిపల్లి రేవులో చూశాను. పంటు అప్పుడే ఒడ్డు వదిలింది. బండి మీద వచ్చిన అమ్మాయి బ్రేకు వేసి “అబ్బా!” అంది. ‘అగ్’ అంటే సరిగ్గా అదే. కాసేపటికి, ఎండలో నిలబడి, “చిరాకేస్తోంది బాబూ” అంది. అది ‘సో అనాయింగ్’. పంటు ఎక్కితే పోయే చిరాకు.

పక్కనే రోజూ నరసాపురం వెళ్లొచ్చే పెద్దాయన మాత్రం “ఈ రేవు దాటలేక విసిగిపోయానండి” అన్నారు. ఫెడప్ అంటే అది. నేను దానికీ ‘చిరాకుగా ఉంది’ అనే రాశాను, అది చప్పబడిపోయింది. ఫెడప్‌లో ఎన్నాళ్లుగానో పోగైన బరువు ఉంది. ఇంగ్లీషులో అది ఇప్పటి స్థితిలా వినిపించినా, తెలుగులో ‘పోయాను’ అని జరిగిపోయినట్టే చెబుతాం. ఇంగ్లీషు మాటే వాడేవాళ్లు కూడా ‘ఫెడప్ అయిపోయాను’ అంటారు, గమనించండి.

అనుమానమొస్తే ముందు ‘ఇన్నాళ్లుగా’ పెట్టి చూడండి. ‘ఇన్నాళ్లుగా పడీ పడీ విసిగిపోయాను’ కుదురుతుంది. ‘ఇన్నాళ్లుగా అబ్బా’ కుదరదు.

‘తల ప్రాణం తోకకొచ్చింది’ కూడా ఆ వరుసలోంచి తీసేస్తున్నాను. అది పని గట్టెక్కించడానికి పడ్డ అవస్థ, విసుగు కాదు.