తినని భోజనానికి బిల్లు, లేని ఆయాకు జీతం

జ్వరంతో ఆరు రోజులు ఇంట్లోనే ఉన్న రెండేళ్ల పాప డే కేర్ బిల్లు మా ముందుంది. భోజనాలతో సహా నెల ఫీజు మొత్తం వేశారు. జ్వరం ఉంటే తీసుకురావద్దన్న నిబంధన కూడా వాళ్లదే!

పాప రాకపోయినా ఆయా జీతం, గది అద్దె ఆగవని నిర్వాహకులంటారు. నిజమే, కాదనం. అయితే ఆ లెక్క వాళ్లు పాటిస్తున్నారా?

పన్నెండు మంది పిల్లలున్న గది తీసుకోండి. నలుగురికి ఒకరని మాటిస్తే ఎప్పుడూ ముగ్గురు ఆయాలుండాలి. డే కేర్ పది గంటలు తెరిచి ఉంటుంది, మనిషి పనిచేసేది ఎనిమిది గంటలే. షిఫ్టులు, సెలవులు కలుపుకుంటే నలుగురిని పెట్టుకోక తప్పదు. అంటే ప్రతి బిడ్డ ఫీజులో ఒక ఆయా జీతంలో మూడో వంతు ఉంటుంది. ఫీజు భారీగా ఉండేది అందుకే. తిండి వాటా చిన్నది. ఫీజు వంద అనుకుంటే అందులో తిండికి పన్నెండు పోతుందనుకుందాం. ఇరవై రెండు పనిదినాల్లో ఆరు రోజులు రాకపోతే తగ్గాల్సింది మూడుకు కాస్త ఎక్కువ. మొదటి రోజు సరుకులు ముందే తెచ్చి ఉంటారు కాబట్టి అది వదిలేసినా, మిగతా ఐదు రోజులది వెనక్కి ఇవ్వాలి. ఆ కాస్త దగ్గర కూడా పిసినారితనమే.

అసలు మోసం తిండిలో లేదు. నలుగురు పిల్లలు రాని రోజు కొందరు ఒక ఆయాను జీతం కోసి ఇంటికి పంపేస్తారు. తల్లిదండ్రుల దగ్గర మాత్రం 'ఆయా ఖర్చు ఆగదు' అంటారు. ఇంకొందరు రోజూ ఇద్దరైనా రారన్న ధీమాతో పన్నెండు సీట్ల గదిలో పద్నాలుగు మందిని చేర్చుకుంటారు. రాని బిడ్డ సీటు ఖాళీగా ఉంచామని ఫీజు తీసుకుంటారు, అదే సీటును ఇంకొకరికి అమ్ముతారు. అందరూ వచ్చిన రోజు ముగ్గురు ఆయాలు పద్నాలుగు మందిని చూడాలి. నలుగురికి ఒకరన్న మాట ఆ పూట గాలికి పోయినట్టే. అడిగితే సగటు హాజరు చూపిస్తారు. డైపర్ మార్చేది సగటు ఆయా కాదు కదా.

మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళ, సాయంత్రం చివరి గంటలో వెళ్లి చూడండి. రెండు గదుల పిల్లలను ఒక గదిలోకి తోసి ఉంటే జవాబు అక్కడే దొరుకుతుంది.

సీటు ఖర్చు ఆగదని వసూలు చేస్తే ఆ సీటు ఖాళీగానే ఉండాలి, ఆయా గదిలోనే ఉండాలి. నిర్వాహకులు ముందు ఒక్కో గదిలో ఎంతమందిని చేర్చుకున్నారో, ఆ రోజు ఏ ఆయాలు డ్యూటీలో ఉన్నారో తలుపు మీద రాసి పెట్టాలి. రాని రోజుల ఫీజు గురించి తల్లిదండ్రులకు పాఠాలు చెప్పడం ఆ తర్వాత చూసుకోవచ్చు.