కొత్త టైరు, స్టీలు గ్లాసు

గుంతలో పడి ముందు ఎడమ టైరు పక్కగోడ చిరిగింది. కొత్తది వేయించాను. అప్పటిదాకా బుద్ధిమంతుడిలా తిన్నగా పోయిన కారు, షాపు గేటు దాటగానే కుడివైపు డివైడర్‌ని వాటేసుకోవాలని చూడడం మొదలుపెట్టింది. స్టీరింగ్ కాస్త వదులుగా పట్టుకుంటే చాలు, పక్క లేన్‌లో ఎవరో చుట్టాలున్నట్టు అటే వెళ్తోంది.

షాపతనికి ఫోన్ చేశాను. "కొత్త టైరు కద్సార్, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సెట్ అయిపోద్ది" అన్నాడు. మా పెళ్లప్పుడు నా గురించి మా అత్తగారికీ ఇలాగే చెప్పారట.

అలైన్‌మెంట్ చేయించాను. మిషన్ తెరమీద అన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. కారు కుడికే లాగింది. ఇంకో చోట మళ్లీ చేయించాను. మళ్లీ ఆకుపచ్చే. ఆ కుర్రాడు "కావాలంటే క్యాంబర్, అంటే చక్రం నిలబడే వంపు, కొంచెం మార్చి అటు లాగకుండా చేసేస్తా" అన్నాడు గానీ, కాలు బాగానే ఉన్నవాడికి చెప్పు కోసం కాలు వంచినట్టుంటుందని, పైగా టైరు ఒక పక్కే అరిగిపోతుందని వద్దన్నాను.

ఆదివారం మామగారు వచ్చారు. రిటైరైన బస్సు డ్రైవరు. పక్క సీట్లో కూర్చుని గన్నవరం రోడ్డు మీద రెండు కిలోమీటర్లు వచ్చారో లేదో, "అల్లుడుగారూ, వాన పడితే ఈ రోడ్డు మీద నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగారు.

"ఎడమ పక్కకి, మామయ్యగారూ."

"అంటే రోడ్డు వాలు ఎడమకి. బండి లాగినా ఎడమకే లాగాలి. ఇది ఎత్తెక్కుతోంది. రోడ్డు తప్పు కాదు."

ఇంటికొచ్చాక కాఫీ తాగి, ఖాళీ స్టీలు గ్లాసుని హాల్లో గచ్చు మీద పడుకోబెట్టి దొర్లించారు. అది తిన్నగా పోకుండా, సన్నటి అడుగు వైపుకి తిరుగుతూ పోయి సోఫా కిందకి దూరింది. ఇంకో గ్లాసు తెచ్చి ముందుకి దొర్లించారు, వెనక్కి దొర్లించారు. ఎటు దొర్లించినా అడుగు వైపే తిరిగింది. చివరికి అదీ సోఫా కిందకే చేరింది.

"టైరు లోపలి స్టీలు బెల్టు ఒక పక్కకి వెంట్రుకవాసి జరిగి కూర్చుందనుకోండి, గాలి కొట్టాక టైరు ఈ గ్లాసులా ఒకవైపు పిసరంత సన్నమవుతుంది. కంటికి కనపడదు. అలైన్‌మెంట్ మిషన్ చక్రం ఎటు నిలబడిందో చూస్తుంది, టైరు ఆకారం దానికేం తెలుసు? దీన్ని కోనిసిటీ అంటారు."

"అదే అయ్యుండాలని ఏముంది?"

"ఇంకోటి ప్లై స్టీర్. బెల్టులోని తీగలు ఏటవాలుగా ఉంటాయి. మా అమ్మాయి క్రాస్ కటింగ్ జాకెట్టు గుడ్డని లాగితే పక్కకి సాగుతుందే, అలా అన్నమాట. అది గ్లాసులా కాదు. చక్రం తిరిగే దిక్కు మారితే దాని లాగుడూ తిరగబడుతుంది."

అందుకే ముందు చక్రాలు అటూ ఇటూ మార్చి చూడమన్నారు. ఎడమ టైరు కుడికి వెళ్తే, ఇంతకాలం లోపలికి ఉన్న సన్న పక్క లోపలికే ఉంటుంది, కానీ ఇప్పుడు ఆ లోపల అంటే ఎడమ. కాబట్టి కోనిసిటీ అయితే కారు ఎడమకి లాగాలి. ప్లై స్టీర్ అయితే మాత్రం టైరు వెనక ముందులయ్యాక, దాని తిరుగుడూ తిరగబడి, రెండు తిరగబాట్లు కొట్టేసుకుని, కారు పాత దిక్కుకే లాగుతుంది. బ్రేకో, సస్పెన్షనో చెడినా పాత దిక్కే. ఇది నాకు రెండుసార్లు చెప్పించుకుంటే గానీ ఎక్కలేదు.

వెనక చక్రాలకి ఇటుకలు పెట్టాం. ఉన్నది ఒకటే జాకీ కాబట్టి ఎడమ చక్రం ఊడదీసి స్టెప్నీ తగిలించి, ఆ చక్రాన్ని కుడికి బిగించి, కుడిదాన్ని తెచ్చి ఎడమకి బిగించాను. రెండింటిలో గాలి సమానంగా 33 ఉంచాం. తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు టైరు మీద లేదు. ఉండుంటే పరీక్ష వరకే, నెమ్మదిగా నడపాలన్నారు మామగారు. నట్లు నేను బిగించాక ఆయన మళ్లీ బిగించారు. మాట్లాడలేదు గానీ, మొహంలో చాలా ఉంది.

అదే రోడ్డు. అదే 60 స్పీడు. చెయ్యి తేలిక చేయగానే కారు ఎడమకి వెళ్లింది. ఇప్పుడు వాలు కూడా తోడై మరీ గట్టిగా. జీవితంలో కారు తప్పు దారి పట్టినందుకు అంత సంతోషించింది అదే మొదటిసారి.

మర్నాడు షాపతనికి అంతా చెబితే, గ్లాసు సంగతి దగ్గర ఆపి "సార్, మీరే వచ్చి దొర్లించండి" అన్నాడు. నిజంగానే రెండు గ్లాసులు పట్టుకెళ్లాను. టైరు మార్చి ఇచ్చేదాకా దాన్ని వెనక చక్రంగా వేసుకున్నాం. వెనక ఉంటే స్టీరింగ్‌ని అంతగా లాగదు.

శనివారం మా ఆవిడ సోఫా జరిపి ఊడుస్తూ పిలిచింది. ఆమె చేతిలో రెండు గ్లాసులున్నాయి. అంటే నేను షాపుకి పట్టుకెళ్లినవి కొత్త సెట్టులోవి.