‘ఈ’ అంటే ‘ఏ’ అని వినిపించిన రోజు

ఇండియా నుంచి వచ్చిన అమ్మకో నాన్నకో దగ్గు, జ్వరం వస్తే మనలో చాలామంది ముందుగా వీడియో కాల్‌లో డాక్టర్‌కి చూపిస్తాం. మామూలు జలుబుకి అది చాలు. కానీ పెద్దవాళ్లకు జ్వరంతో పాటు ఆయాసం ఉంటే, వీపు మీద చెయ్యి వేసి చూడకుండా మందు రాయడం తప్పని ఒక డాక్టర్‌గా నా గట్టి అభిప్రాయం.

పోయిన చలికాలం మా స్నేహితుడి తల్లికి అలాగే జరిగింది. ఆవిడకు డెబ్బై దాటాయి. నాలుగు రోజులుగా జ్వరం. వీడియోలో చూసినాయన జలుబేనని సిరప్ రాశారు. ఐదో రోజు నేను వెళ్లేసరికి పిన్నిగారు కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నారు. వాచీ చూస్తూ లెక్కపెడితే నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తున్నారు.

ఎడమచేతి మధ్యవేలు ఆవిడ వీపుకి ఆనించి, దాని మీద కుడిచేతి మధ్యవేలితో తడుతూ కిందికి వచ్చాను. ఎడమవైపు చాలా కిందివరకూ బోలుగా, గుల్లగా మోగింది. కుడివైపు రెక్క ఎముక దాటగానే ఆ మోత ఆగిపోయి ‘దబ్’మని మొద్దు శబ్దం వచ్చింది. బియ్యం డబ్బాని తడితే బియ్యం ఎక్కడిదాకా ఉన్నాయో తెలుస్తుంది చూడండి, అలాగే. ఈ పద్ధతిని 1761లో వియన్నాలో పుస్తకంగా వేసిన ఔయెన్‌బ్రుగ్గర్ సత్రం యజమాని కొడుకు. వైన్ పీపాలు తట్టి చూడడం చిన్నప్పుడే నేర్చుకున్నాడని చెబుతారు.

ఆ మొద్దు శబ్దం ఊపిరితిత్తి గట్టిపడినందువల్ల వచ్చింది. ఎందుకు గట్టిపడింది? మామూలుగా అది స్పాంజిలా ఉంటుంది, నీళ్లలో వేస్తే తేలుతుంది. న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా చిన్న గాలి సంచుల్లో చేరితే, చుట్టూ ఉన్న రక్తనాళాలు ఉబ్బి ద్రవాన్ని లోపలికి వదులుతాయి. దానితో పాటు ఎర్ర కణాలు, తెల్ల కణాలు, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ పోగులు వచ్చి సంచుల్ని నింపేస్తాయి. ఊపిరితిత్తి కుంచించుకుపోదు. దాని సైజు దాదాపు అంతే ఉంటుంది, గాలి ఉండాల్సిన చోట ఈ ముద్ద ఉంటుంది. కోసి చూస్తే కాలేయం ముక్కలా ఉంటుంది, నీళ్లలో మునుగుతుంది. దీన్నే మేం కన్సాలిడేషన్ అంటాం, ఇళ్లలో నెమ్ము అంటారు. అక్కడికి వెళ్లిన రక్తం ఆక్సిజన్ అందకుండానే తిరిగొస్తుంది. పిన్నిగారి ఆయాసానికి ఒక కారణం అదే.

తర్వాత స్టెతస్కోప్ పెట్టాను. మన ఊపిరి చప్పుడు పుట్టేది పెద్ద గాలి గొట్టాల్లో. గాలి నిండిన స్పాంజి దాటి వచ్చేసరికి అందులోని కీచు స్వరాలు వడకట్టుకుపోయి, ఆకులు కదిలినట్టు మెత్తగా వినిపిస్తుంది. ఊపిరి వదిలేటప్పుడైతే కాసేపే వినిపిస్తుంది. గట్టిపడిన ముద్ద అలా వడకట్టదు. గొంతు దగ్గర వినాల్సిన గరుకు శబ్దం ఆవిడ వీపు దగ్గరే వినిపించింది. వదిలే ఊపిరి కూడా తీసే ఊపిరంత పొడుగ్గా, గట్టిగా ఉంది.

“పిన్నిగారూ, ‘ఈ...’ అని సాగదీసి అనండి” అన్నాను. ఆవిడ ‘ఈ’ అన్నారు. ఎడమవైపు ‘ఈ’ అనే వినబడింది. కుడివైపు కింద మాత్రం మేక అరిచినట్టు ‘ఏ...’ అని వినిపించింది. గట్టిపడిన చోట అచ్చు ఇలా మారి వినిపిస్తుంది. మన అచ్చులు ఈ పరీక్షకు సరిగ్గా సరిపోతాయి, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లతో కూడా ఇబ్బంది లేదు.

“నీరు పట్టిందా?” అని మా వాడు కంగారుగా అడిగాడు. మనవాళ్లు నెమ్ము చేరడాన్నీ నీరు పట్టడాన్నీ ఒకటే అనుకుంటారు. ఊపిరితిత్తి బయట, పొరల మధ్య నీరు చేరినా తడితే మొద్దుగానే ఉంటుంది, ఇంకా బండరాయిలా. కానీ ఆ నీరు శబ్దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి మామూలుగా ఊపిరి చప్పుడు తగ్గిపోతుంది. మాట్లాడించి వీపు మీద అరచెయ్యి పెడితే నీరున్న చోట అదురు తగ్గుతుంది, నెమ్మున్న చోట పెరుగుతుంది. అయితే కఫం అడ్డుపడి గొట్టం మూసుకుపోతే నెమ్ములోనూ శబ్దం రాదు.

చెవికి దొరకనివీ ఉన్నాయి. గట్టిపడిన చోటు చిన్నదైనా, లోతుగా ఉన్నా తడితే తెలియదు. మొదట్లో సన్నటి చిటపటలు తప్ప ఏమీ లేకపోవచ్చు. అందుకే విని బాగుందనిపించినా, ఊపిరి వేగంగా ఉన్నప్పుడు ఎక్స్‌రే తీయించాలంటాను. ఆ రాత్రి తీసిన ఎక్స్‌రేలో కుడివైపు కింది భాగం తెల్లగా ఉంది. ఆ తెలుపులో కొమ్మల్లా నల్లటి గీతలు కనిపించాయి. అవి గాలి ఆడుతున్న గొట్టాలు. నేను విన్న శబ్దం వాటిలోంచి వచ్చిందే.

యాంటీబయాటిక్స్, ఆక్సిజన్‌తో ఆరో రోజుకి ఇంటికొచ్చారు. ఆరు వారాలకు తీసిన ఎక్స్‌రేలో ఇంకా పలచటి నీడ ఉంది. ఆ వయసులో నీడ పోవడానికి అంతకన్నా ఎక్కువ కాలమే పట్టవచ్చు. వీపు మీద మాత్రం రెండువైపులా ‘ఈ’ అనే వినిపించింది.