కప్పగారి గృహప్రవేశం

మా పెద్దత్తయ్యగారి అబ్బాయి కొత్త ఫ్లాట్ కొన్నారు. నిన్న గృహప్రవేశం. వెళ్లాం, తిన్నాం, పరువు అక్కడే వదిలేసి వచ్చాం. ఎలా వదిలేశామో చెప్పాలంటే ముందు మావాడి కడుపు సంగతి చెప్పాలి.

వాడికి మూడేళ్లు నిండబోతున్నాయి. డైపర్ మాన్పించడం బాగానే సాగింది. కప్ప ఆకారంలో ఒక పాటీ కొన్నాం. ఆకుపచ్చ రంగు, బయటికి పొడుచుకొచ్చిన గుడ్లు, వీపు మీద మూత. వాడికి ప్రాణం అదంటే. ఇంతలో జ్వరం వచ్చింది. అన్నం మానేసి పాల మీదే బతికాడు. తగ్గాక కక్క గట్టిగా వచ్చి నొప్పి పుట్టింది. అంతే, కప్ప శత్రువైపోయింది.

అప్పట్నుంచీ కక్క వస్తున్నట్టుంటే చాలు, తలుపు వెనక చేరతాడు. మునివేళ్ల మీద లేచి, కాళ్లు రెండూ దగ్గరికి బిగించి, మొహం ఎర్రగా చేసుకుని నిలబడతాడు. ఎవరు చూసినా "పాపం ముక్కుతున్నాడు" అంటారు. ముక్కడం కాదు, రాకుండా ఆపుతున్నాడు.

పిల్లల డాక్టరుగారు కాగితం మీద పెద్దపేగు బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆపినకొద్దీ పేగు దాన్లోని నీళ్లు లాగేస్తుంది, అది ఇంకా గట్టిపడుతుంది, వచ్చినప్పుడు ఇంకా నొప్పి పుడుతుంది, దాంతో వాడు ఇంకా ఆపుతాడు. కొన్నాళ్లకి ఆ గట్టిదాని పక్కనుంచి పల్చగా కొంచెం జారి డ్రాయర్‌కి అంటుతుంది. అది జారినట్టు వాడికి తెలియను కూడా తెలియదు. ఈ చివరి ముక్క వినేసరికి నాకు తల తిరిగింది. ఎందుకంటే ఆ మరకలు చూసి మా అత్తయ్య "మోషన్స్ పట్టుకున్నాయే వీడికి" అని అరటికాయ కూర, సగ్గుబియ్యం జావ పెట్టి కట్టడి చేస్తోంది. బాగానే కట్టడి అయింది!

మెత్తబడటానికి సిరప్ రాశారు. ఒకసారి సాఫీగా అయిందని మానేస్తే కథ మొదటికొస్తుందట. వాడు ఆ నొప్పి మరిచిపోయేదాకా, నెలలు పట్టినా సరే, ఆయన చెప్పిందాకా వాడాల్సిందేనట. పాలు రోజుకి అరలీటరు దాటకూడదన్నారు. తిన్న వెంటనే పేగులు వాటంతటవే కదులుతాయి కాబట్టి భోజనం కాగానే పాదాలు నేలకి ఆనేలా ఓ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వచ్చినా రాకపోయినా లేపెయ్యాలి. డ్రాయర్‌లో అయితే మొహం చిట్లించకూడదు, వెక్కిరించకూడదు. "పర్లేదు, మార్చుకుందాం" అనాలి, అంతే. సిగ్గుపడ్డ పిల్లాడు ఇంకా గట్టిగా ఆపుతాడు కదా.

భోజనం ఎక్కడుంటే కప్ప అక్కడుండాలి కాబట్టి, నిన్న దాన్ని శుభ్రంగా తోమి, ఎండలో ఆరబెట్టి, చీరల షాపు కవర్లో పెట్టి తీసుకెళ్లాను. తోమాను అన్న మాట దయచేసి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం. కవర్ గోడవారగా పెట్టాను. ఆ ఊళ్లో ఉన్నది ఒకటే పెద్ద చీరల షాపు అనీ, వచ్చిన ప్రతివాళ్లూ అదే గులాబీ రంగు కవర్ పట్టుకొస్తారనీ, పూజ సామాను కూడా వాటిల్లోనే ఉంటుందనీ నేను కల గన్నానా?

సత్యనారాయణ వ్రతం మొదలైంది. పంతులుగారు కాలర్‌కి మైకు తగిలించుకున్నారు. మండపం దగ్గర ఇంకో చిన్న పీట వెయ్యాల్సొచ్చి, మంత్రం ఆపకుండానే చేత్తో సైగ చేశారు. ఎవరో కుర్రాడు చురుగ్గా ఓ కవర్ అందించాడు. ఈ చురుకైన కుర్రాళ్లు ప్రతి ఫంక్షన్‌లోనూ ఒకడుంటాడు. వడ్డన దగ్గర మాత్రం కనపడడు.

పంతులుగారు చూపు పుస్తకం మీంచి తిప్పకుండా కవర్లో చెయ్యి పెట్టి, కప్పని బయటికి తీసి, మండపం పక్కన ఆనించారు. దాని నెత్తిమీద తమలపాకు పెట్టారు. ఆకు మీద రెండు వక్కలు. బావగారూ అక్కయ్యా పీటల మీద భక్తిగా కళ్లు మూసుకుని ఉన్నారు. వీడియో తీసే అబ్బాయి, ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకున్నాడేమో, దగ్గరికొచ్చి జూమ్ చేశాడు. నేను వెనక వరుసలో ముగ్గురు ముత్తయిదువుల మధ్య ఇరుక్కుని ఉన్నాను. లేచి అరవాలా, లేవకుండా అరవాలా? అరిచి ఏమనాలి? "పంతులుగారూ, అది కడిగిందేనండీ" అనా? ఈ ఆలోచనలో ఉండగానే అక్షింతలు పడ్డాయి, కొన్ని కప్పగుడ్ల మీద కూడా. అప్పుడు పంతులుగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. కప్ప కూడా ఆయన్ని చూసింది. మంత్రం ఆగింది.

ఆ నిశ్శబ్దంలో మావాడు వాళ్ల నాన్న ఒళ్లోంచి జారి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి, సరిగ్గా కాలర్ మైకు దగ్గర నిలబడి, "నా కప్ప! నాకు కక్క వస్తోంది!" అన్నాడు. స్పీకర్లు కింద పార్కింగ్ దాకా పెట్టించారట. వంటవాళ్లు కూడా విన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో సిగ్గు కంటే నాకు సంతోషమే ఎక్కువైంది. జ్వరం తర్వాత వాడు నోరు తెరిచి కక్క అని అడగడం అదే మొదలు. తమలపాకు పంతులుగారికిచ్చేసి, కప్పనీ వాడినీ చంకనేసుకుని వెనక బెడ్‌రూమ్‌లోకి పరిగెత్తాను. కూర్చున్నాడు. పాదాలు నేలకి ఆనాయి. మొహం వదులైంది. ఇంకొక్క నిమిషం చాలు.

తలుపు తెరుచుకుంది. పెద్దత్తయ్య! వెనకాల నలుగురు పిల్లలు, ఇద్దరు పిన్నులు. "ఛీ ఛీ, ఇంత పిల్లాడివి, షేమ్ షేమ్! కొత్తింట్లో ఇదేం పనిరా? మావాడు ఏడాదికే నేర్చేసుకున్నాడు తెలుసా!" అంది. పిల్లలు షేమ్ షేమ్ అని పాటెత్తుకున్నారు. మావాడు లేచాడు. మునివేళ్లు, బిగించిన కాళ్లు, ఎర్రటి మొహం. తలుపు వెనక చోటు లేక కర్టెన్ వెనక చేరాడు. "చూశావా, నేనంటే భయం ఉంది" అని పెద్దత్తయ్య మురిసిపోయింది. డాక్టరుగారి బొమ్మ ఆవిడకి గీసి చూపిద్దామనుకున్నాను. చేతిలో పెన్ను లేదు, నోట్లో మంచి మాటా లేదు.

దార్లో కార్లో డ్రాయర్‌లోనే అయింది. "పర్లేదు నాన్నా, మార్చుకుందాం" అన్నాను. "షేమ్ షేమా?" అని అడిగాడు. కాదన్నాను. వాళ్ల నాన్న అద్దాలు దించి, మారు మాట్లాడకుండా బండి నడిపాడు.

ఇంటికొచ్చాక చూస్తే కప్ప లేదు. కవర్ అయితే ఉంది, అందులో జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్లు. రాత్రి అన్నం తిన్నాక వాణ్ని పెద్ద కమోడ్ మీద కూర్చోబెట్టి, కాళ్లు వేలాడకుండా కింద పూజ పీట వేశాను. పీట ఎత్తు చాల్లేదు, దాని కింద పాత పంచాంగాలు రెండు పెట్టాను. కూర్చున్నాడు. రాలేదు. ఐదు నిమిషాలకి లేపేశాను.

పొద్దున్నే ఫోన్ చేస్తే కప్ప అక్కడే భద్రంగా ఉందన్నారు. గృహప్రవేశం ఇంట్లోంచి ఆ వెంటనే సామాను బయటికి పంపకూడదట. ఎల్లుండి పెద్దత్తయ్యే స్వయంగా తెస్తుందట. ఎలాగూ వస్తోంది కాబట్టి ఓ వారం ఉండి, పిల్లాడికి అన్నీ నేర్పించి వెళ్తుందట.