టెక్సాస్ గడ్డకట్టిన నెలలో భూమి చల్లబడిందా?

చలి కాస్త ముదిరితే చాలు, "భూమి వేడెక్కిపోతోందన్నారుగా, మరి ఈ చలేంటి?" అని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలవుతాయి. ఇది అడగాల్సిన ప్రశ్నే, అడిగినవాళ్లను వెక్కిరించడం నాకు నచ్చదు. దీనికి జవాబు వెతకాలంటే 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో జరిగింది చూడాలి. డాలస్ చుట్టుపక్కల ఉన్న వేలమంది తెలుగువాళ్లు ఆ వారం స్వయంగా అనుభవించారు.

ఆ నెల 16న డాలస్ ఎయిర్‌పోర్టులో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. మామూలుగా ఆ రోజుల్లో అక్కడ మధ్యాహ్నం 15 డిగ్రీల దాకా ఉంటుంది. 1949 తర్వాత డాలస్ అంత చలి ఎరగదు. లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోయాయి, రాష్ట్ర ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు. చరిత్రలో నిలిచిపోయే చలి అది, అందులో అనుమానం లేదు.

అయితే అదే నెల మిగతా ప్రపంచం ఎలా ఉంది? ఈశాన్య కెనడా, దక్షిణాసియా మామూలు కంటే వెచ్చగా ఉన్నాయి. అమెరికా వాతావరణ సంస్థ నోవా లెక్క ప్రకారం ఆ ఫిబ్రవరిలో భూమి మొత్తం సగటు ఉష్ణోగ్రత 20వ శతాబ్దపు ఫిబ్రవరి సగటు కంటే 0.65 డిగ్రీలు ఎక్కువ. అంతకుముందు ఆరేళ్ల ఫిబ్రవరులతో పోలిస్తే తక్కువే, నిజమే, కానీ పాత సగటు కంటే మాత్రం పైనే. భూమి ఉపరితలంలో టెక్సాస్ వాటా 0.14 శాతం. ఆ కాస్త నేల ఎంత గడ్డకట్టినా మొత్తం సగటును పెద్దగా కదపలేదు.

మరి ఆ చలి ఎక్కడిది? కొత్తగా పుట్టింది కాదు, ఉత్తరం నుంచి దిగి వచ్చింది. చలికాలంలో ఆర్కిటిక్ మీద, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున, చల్లటి గాలి ఒక పెద్ద సుడిలా తిరుగుతుంటుంది. దాన్ని పోలార్ వోర్టెక్స్ అంటారు. 2021 జనవరి మొదటి వారంలో ఆ ఎత్తున గాలి కొద్ది రోజుల్లోనే పదుల డిగ్రీలు వేడెక్కి, ఆ సుడి చెదిరిపోయింది. ఆ తర్వాత వారాల్లో, దానికి కింద పడమర నుంచి తూర్పుకి వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలుల ప్రవాహం వంకర తిరిగి, ఉత్తరాన ఉండాల్సిన గాలి టెక్సాస్ దాకా జారింది. ఆర్కిటిక్ వేడెక్కడం వల్లే ఇలాంటివి పెరుగుతున్నాయా అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది, కాబట్టి దాన్ని తేలిపోయిన విషయంలా చెప్పకూడదు. టెక్సాస్ చలి భూతాపాన్ని ఎందుకు కాదనలేదో చెప్పడానికి ఆ వాదన తేలాల్సిన అవసరమూ లేదు.

ఎందుకంటే, గాలులు దిశ మారితే ఒక ఊళ్లో ఉష్ణోగ్రత రెండు మూడు రోజుల్లో ఇరవై ముప్పై డిగ్రీలు పడిపోవచ్చు, మళ్లీ లేవచ్చు. అది వాతావరణం. 2021 నాటికి పారిశ్రామిక యుగం మొదలైనప్పటితో పోలిస్తే భూమి సగటు పెరిగింది సుమారు 1.1 డిగ్రీలు. ఇరవై డిగ్రీల ఊగిసలాటలో ఈ ఒక్క డిగ్రీ ఏ ఒక్క రోజునా, ఏ ఒక్క ఊళ్లోనూ కంటికి ఆనదు. వేల స్టేషన్లలో ఏళ్ల తరబడి తీసిన కొలతలను సగటు చేస్తే పైకీ కిందకీ ఊగినవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నిలకడగా పెరిగినది మిగులుతుంది. వాతావరణ శాఖలు 'సాధారణ ఉష్ణోగ్రత' తేల్చడానికి 1991–2020 లాంటి 30 ఏళ్ల కాలాన్ని తీసుకునేది ఇందుకే. శీతోష్ణస్థితి అంటే ఆ దీర్ఘకాలపు లెక్క.

భూతాపం అబద్ధమని తేలాలంటే ఏం కనిపించాలి? చలి రికార్డులు వేడి రికార్డులతో సమానంగా పడుతూ ఉండాలి. 1950ల్లో అమెరికాలో దాదాపు అలాగే ఉండేది, తేదీలవారీ వేడి రికార్డులూ చలి రికార్డులూ ఇంచుమించు ఒకటికి ఒకటి. 2000 తర్వాతి దశాబ్దంలో ఒక్క చలి రికార్డుకి రెండు వేడి రికార్డులు వచ్చాయి. చలి రికార్డులు ఆగిపోలేదు, తగ్గాయి. డాలస్‌నే చూడండి, 2021లో అంత గడ్డకట్టినా 1899 నాటి మైనస్ 22 రికార్డు అలాగే ఉంది.

2021లోనే డిసెంబరు టెక్సాస్ చరిత్రలో అత్యంత వెచ్చటి డిసెంబరుగా నమోదైంది. దాన్ని పట్టుకుని "చూశారా, భూతాపం రుజువైంది" అన్నా తప్పే, అదీ ఒక్క నెలే, ఒక్క చోటే. మనవైపు ఒక్క ఏప్రిల్లో ఎండలు మండినప్పుడూ ఇదే వర్తిస్తుంది.

సగటు పెరుగుతోంది కదా, ఇక చలి గురించి టెన్షన్ ఎందుకు అనుకోవడం ఇంకో తప్పు. 2011 ఫిబ్రవరిలోనూ టెక్సాస్‌లో చలికి విద్యుత్ ప్లాంట్లు ఆగిపోయాయి. వాటిని చలికి తట్టుకునేలా సిద్ధం చేయమని కేంద్ర నియంత్రణ సంస్థలు అప్పుడే సిఫార్సు చేశాయి. చాలా ప్లాంట్లలో, గ్యాస్ బావుల దగ్గర ఆ పని జరగలేదు. పదేళ్ల తర్వాత అవే గడ్డకట్టాయి.