ట్రాన్స్‌ఫార్మర్‌కి ఫైవ్ లింబ్ కోర్ పెడితే లోడ్ అన్‌బ్యాలెన్స్ సమస్య పోతుందా?

"త్రీ లింబ్ కోర్‌లో జీరో సీక్వెన్స్ ఫ్లక్స్‌కి దారి ఉండదు, ట్యాంక్ వేడెక్కుతుంది. ఫైవ్ లింబ్‌లో పక్క లింబ్‌లు దారి ఇస్తాయి, అందుకే లోడ్ ఎంత అన్‌బ్యాలెన్స్ అయినా పర్లేదు, డెల్టా వైండింగ్ కూడా అక్కర్లేదు."

ఇదీ వాదన. ముందు ట్యాంక్ సంగతి. అది నిజమే. జీరో సీక్వెన్స్ ఫ్లక్స్, అంటే మూడు ఫేజుల్లో ఒకేసారి ఒకే దిశలో లేచే ఫ్లక్స్, మూడు లింబ్‌ల కోర్‌లో తిరిగి రాలేదు, యోక్ నుంచి బయటపడి ఆయిల్‌లోంచి, ట్యాంక్ గోడల్లోంచి వస్తుంది, గోడల్లో ఎడ్డీ కరెంట్లు పుడతాయి.

కానీ "దారి ఉంటే మంచిది" అన్న దగ్గరే తప్పు. దారి సులువైతే కొంచెం కరెంట్‌కే బోలెడు ఫ్లక్స్ వస్తుంది, ఫ్లక్స్ అంటే వోల్టేజే కదా. స్టార్-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి, ప్రైమరీకి న్యూట్రల్ కలపలేదు, సెకండరీ 400 వోల్టులు, రేటెడ్ కరెంట్ 900 ఆంపియర్లు. న్యూట్రల్‌లో 270 ఆంపియర్లు వెళ్తుంటే ఒక్కో ఫేజ్‌కి జీరో సీక్వెన్స్ కరెంట్ 90, అంటే 10%. ప్రైమరీలో దీన్ని బ్యాలెన్స్ చేసే కరెంట్ పారే వీల్లేదు, కాబట్టి మొత్తం 90 ఆంపియర్లూ కోర్‌ని మ్యాగ్నటైజ్ చేస్తాయి. త్రీ లింబ్‌లో జీరో సీక్వెన్స్ ఇంపెడెన్స్ 50% అనుకుంటే న్యూట్రల్ పక్కకి జరిగేది 230లో 5%, అంటే 11.5 వోల్టులు. ఫైవ్ లింబ్‌లో మ్యాగ్నటైజింగ్ కరెంట్ 1% అనుకుంటే, పూర్తి ఫేజ్ వోల్టేజ్‌కి సరిపడా ఫ్లక్స్‌కి సుమారు 9 ఆంపియర్లు చాలు, మరి ఇక్కడ లోడ్ అడుగుతోంది 90! పక్క లింబ్‌లు సాచురేట్ అయిపోతాయి, ఈలోపే లోడ్ ఎక్కువున్న ఫేజ్ వోల్టేజ్ కూలిపోతుంది, మిగతా రెండు ఫేజులు 400 వైపు ఎగబాకుతాయి, వాటి మీదున్న పరికరాలు కాలతాయి.

డెల్టా అక్కర్లేదన్నది ఇంకా ప్రమాదం. డెల్టా ఉంటే దాంట్లో తిరిగే కరెంట్ సెకండరీ ఆంపియర్ టర్న్స్‌ని కొట్టేస్తుంది, కోర్‌లో జీరో సీక్వెన్స్ ఫ్లక్స్ దాదాపు మిగలదు, అప్పుడు లింబ్‌లు మూడా ఐదా అన్నది ఈ లోడ్ విషయంలో పెద్ద తేడా కాదు.

మరి ఫైవ్ లింబ్ ఎక్కడ గెలుస్తుందంటే, రెండు వైపులా న్యూట్రల్ ఎర్త్ చేసిన స్టార్-స్టార్‌లో. అక్కడ సప్లై వైపు ఒక ఫేజ్ పోయినా, వోల్టేజులు సమానంగా లేకపోయినా జీరో సీక్వెన్స్ వోల్టేజ్ బయటి నుంచే రుద్దబడుతుంది. త్రీ లింబ్ దానికి భారీ కరెంట్ లాగి ట్యాంక్‌ని వేడెక్కిస్తుంది, ఫైవ్ లింబ్‌లో ఆ ఫ్లక్స్ ఇనుములోనే ఉండిపోతుంది. బయటి నుంచి వచ్చేది కరెంటా వోల్టేజా అన్నది చూడకుండా ఏ కోర్ మంచిదో చెప్పలేం.

మీ దగ్గరున్నది ఎలా ఉందో తెలుసుకోవాలంటే జీరో సీక్వెన్స్ టెస్ట్ చేయించండి, మూడు ఫేజ్ టెర్మినల్స్ కలిపి న్యూట్రల్‌కి మధ్య సింగిల్ ఫేజ్ వోల్టేజ్ ఇచ్చి

```
Z0 = 3 × U / I
```

లెక్కేస్తారు. ఇందులో Z0 జీరో సీక్వెన్స్ ఇంపెడెన్స్, U ఇచ్చిన వోల్టేజ్, I పారే మొత్తం కరెంట్. డెల్టా లేని ఫైవ్ లింబ్‌లో మాత్రం ఒక్క రీడింగ్ నమ్మొద్దు, కరెంట్ పెంచుతూ పోతే సాచురేషన్ వల్ల ఈ విలువ పడిపోతుంది, అందుకే రెండు మూడు కరెంట్ల దగ్గర తీయించండి.